పెళ్లికూతురు ఎంట్రీ వీడియోలో కలిపిన పాటలు ఏవి? ఎవరికైనా తెలిస్తే చెప్పండి

తుంగభద్ర_తీరం
మా చిన్నాన్న కూతురి పెళ్లి వచ్చే నెల కర్నూల్లోనే, నంద్యాల రోడ్డు పక్కన ఫంక్షన్ హాల్లో. వాళ్ల స్నేహితురాలి పెళ్లి వీడియో ఒకటి చూసి, మండపంలోకి పూల చాదర్ కింద నడిచొచ్చేటప్పుడు నాకూ అదే మ్యూజిక్ కావాలని పట్టుబట్టి కూర్చుంది. ఆ వీడియో మూడున్నర నిమిషాలుంటుంది, నాలుగైదు పాటల ముక్కలు కలిపి చేసినట్టుంది. ఎడిట్ చేసినాయన్ని అడిగితే అది మా స్టూడియోది, బయటికివ్వం అన్నాడు. షజామ్ పెడితే ఒక్కటీ పట్టలేదు. నాకు వినిపించినంత వరకు చెప్తాను:

0:00 నుంచి మేళం, వెనక తంబూరా. 0:22 దగ్గర ఒకామె సీతా కళ్యాణం ఎత్తుకుంటుంది, గొంతు కొంచెం సన్నగా ఉంది. 1:15 దగ్గర పంజాబీలో ఆడగొంతు, దాని కిందే గట్టి డ్రమ్స్. 2:05 నుంచి ఫ్లూట్ ఒక్కటే, మాటల్లేవు, విన్న ట్యూన్‌లాగే ఉంది కానీ గుర్తు రావట్లేదు. 2:50 నుంచి చివరిదాకా డప్పుల మోత.

డీజేకి పాటల పేర్లు ఇస్తే తనే కలుపుతానన్నాడు. లింక్ కింద పెట్టాను, మొహాలు కనపడకుండా ఆడియో మాత్రమే.

కడప_కారందోశ
0:22 ది రణరంగం సినిమాలోది. 2019, శర్వానంద్. దీనికింత పెద్ద పోస్ట్ ఎందుకు అన్నా.

ప్రొద్దుటూరు_పిల్లోడు
పంజాబీది రాంఝా. షేర్షా సినిమాలోది. 2023లో కియారా పెళ్లి వీడియోలో వచ్చాక మా ఊర్లో ప్రతి పెళ్లిలో ఇదే. బంగారం కొనడానికి వచ్చినవాళ్లు కూడా షాపులో ఇదే రింగ్‌టోన్.

ధర్మవరం_పట్టు
ఆ వీడియోలో పూల చాదర్ ఎంత తీసుకున్నారో తెలుసా? మా అక్క పెళ్లికి ఇక్కడ అడిగితే చాలా చెప్పారు. మల్లెలా, ప్లాస్టిక్ పూలా?

తుంగభద్ర_తీరం
@ధర్మవరం_పట్టు పాటల గురించి అడిగాను మా. పూల సంగతి నాకు తెలీదు, నేను పెట్టింది ఆడియో మాత్రమే.
@కడప_కారందోశ రణరంగం పాట విన్నాను. అందులో మగగొంతు కదా? ఇక్కడ పాడేది ఆమె.

కడప_కారందోశ
స్పీడు పెంచుంటారు. స్పీడు పెంచితే మగగొంతు కూడా సన్నగా వస్తుంది. పల్లవి అదే కదా, విను.

అనంత_ఎడిటర్
అనంతపురంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడమే నా పని, కాబట్టి ఇలాంటి ముక్కలు ఎట్లా కలుపుతారో కొంచెం తెలుసు. @కడప_కారందోశ చెప్పినదాంట్లో ఒక మాట నిజం, స్పీడు పెంచారు. కానీ మగగొంతు ఆడగొంతు అయ్యేంత కాదు. అంత పెంచితే వెనక వాయిద్యాలన్నీ ఉరుకుతూ వినపడతాయి, పదాలు కూడా నోట్లోనే నలిగిపోతాయి. ఇక్కడ పదాలు స్పష్టంగా ఉన్నాయి.

నేను లింకులో ఆడియో దింపుకుని 0:22 ముక్క ఒక్కటే కత్తిరించి, ఫోన్‌లో గిటార్ ట్యూనర్ యాప్ పెట్టి వెనక వినిపించే శృతి చూశాను. సినిమా పాటల్ని మామూలుగా కీబోర్డు మెట్లకి సరిపోయేలా రికార్డు చేస్తారు, అందుకే శృతి ఏదో ఒక మెట్టు మీద నిలబడాలి. ఇది రెండు మెట్లకి సరిగ్గా నడిమధ్యన ఊగుతోంది. అంటే పాటని మొత్తంగా స్పీడు మార్చారన్నమాట. సుమారు 3 శాతం పెంచితే శృతి అర మెట్టు పైకి పోతుంది, ఒక మెట్టు పూర్తిగా ఎక్కాలంటే దాదాపు 6 శాతం కావాలి. అర మెట్టు తేడా మామూలు చెవికి తెలీదు, గొంతు కొంచెం సన్నబడినట్టు అనిపిస్తుందంతే. షజామ్ పట్టకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అది పాటలో గట్టిగా వినిపించే స్వరాలు ఏ ఎత్తులో, ఎంత ఎడంతో వస్తున్నాయో ఆ ముద్రని పోల్చుతుంది. స్పీడు మారితే ఎత్తూ మారుతుంది, ఎడమూ మారుతుంది. కొంచెం మారితే కొన్నిసార్లు పడుతుంది, ఇంకో శబ్దం పైన కలిపితే అదీ పోతుంది.

రాత్రికి స్పీడు తగ్గించి చూసి చెప్తాను. రెండు పెళ్లిళ్ల ఆల్బమ్ పని ఉంది.

గండికోట_గాలి
3 శాతం ఎందుకు పెంచుతారన్నా? కాపీరైట్ తప్పించుకోడానికా?

అనంత_ఎడిటర్
కొందరు దానికోసం చేస్తారు, అది పెద్దగా పనిచేయదు. నేనైతే తర్వాతి పాట తాళానికి కలవడానికి చేస్తాను. ఒక పాట నిమిషానికి 97 దెబ్బలు, తర్వాతిది 100 అనుకో, మొదటిదాన్ని 3 శాతం లాగితే రెండూ అతుకు కనపడకుండా కలుస్తాయి. అందుకే మ్యాషప్‌లో అతుకుకి ముందు పాటే ఎక్కువ మారి ఉంటుంది. వెతికేటప్పుడు అక్కడ అనుమానపడాలి.

లక్ష్మక్క_ఆదోని
2:05 దగ్గర ఫ్లూట్ విన్నాను నాయనా. అది మురారి సినిమాలో పెళ్లిపాట. అలనాటి రామచంద్రుడు. సిరివెన్నెల గారు రాసింది, మణిశర్మ సంగీతం. జిక్కమ్మ పాడింది కూడా అందులోనే. 2001లో ఆ సినిమా వచ్చినాక మా మరిది పెళ్లికి క్యాసెట్ పెట్టి పెట్టి టేపు లోపలికి చుట్టుకునేదాకా వదల్లేదు. రెండో లైను దగ్గర ఫ్లూట్ పైకి పోయి దిగుతుంది చూడు, అదే.

తుంగభద్ర_తీరం
అక్కా!! అదే. ఇప్పుడు పాట పెట్టుకుని విన్నాను. ఎన్ని రోజుల నుంచి నోట్లో నానుతోందో. మరి షజామ్ ఎందుకు పట్టలేదు, అది స్పీడు పెంచింది కూడా కాదు కదా?

అనంత_ఎడిటర్
అది సినిమా రికార్డింగ్ కాదు కాబట్టి. ఎవరో విడిగా ఫ్లూట్ మీద వాయించి పెట్టింది. షజామ్ ఆ రికార్డింగ్‌నే వెతుకుతుంది, ట్యూన్‌ని కాదు. ఇట్లాంటి వాటికి గూగుల్ యాప్‌లో పాట వెతికే చోట పది పదిహేను సెకన్లు నోటితో ఊంకరిస్తే చాలాసార్లు దొరుకుతుంది, అది ట్యూన్ ఆకారాన్ని చూస్తుంది. లక్ష్మక్క ఉన్నచోట యాప్ అవసరం లేదనుకో.

ప్రొద్దుటూరు_పిల్లోడు
గూగుల్‌లో నేను ఊంకరించాను, వేరే ఏదో భజన పాట వచ్చింది. నా గొంతు అట్లాంటిది అంటుంది మా ఆవిడ.

లక్ష్మక్క_ఆదోని
నువ్వు పల్లవి ఊంకరించి ఉంటావు. చరణం ఊంకరించు, పల్లవి స్వరాలు చాలా పాటల్లో ఉంటాయి.

ప్రొద్దుటూరు_పిల్లోడు
చరణం పెడితే వచ్చిందక్కా. మురారి.

కడప_కారందోశ
సరే ఫ్లూట్ అయిపోయింది. సీతా కళ్యాణం మాత్రం నేను చెప్పిందే. పల్లవి పదాలు అక్షరం కూడా మారలేదు, పక్కపక్కన పెట్టి విన్నాను.

లక్ష్మక్క_ఆదోని
పదాలు మారవు నాయనా, అది సినిమా వాళ్లు రాసింది కాదు. త్యాగరాజ స్వామి కీర్తన, ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోది, కురంజి రాగం. సినిమాలు పుట్టక ముందు నుంచీ భజన గోష్ఠుల్లో సీతారామ కళ్యాణానికి పాడుతున్నదే. ఎవరు తీసుకున్నా పల్లవి ఒకటే ఉంటుంది. పదాలు చూసి సినిమా చెప్పలేవు.

కడప_కారందోశ
అట్లైతే ఏం చూసి చెప్పాలక్కా?

లక్ష్మక్క_ఆదోని
గొంతు చూడు, పల్లవి అయినాక ఏమొస్తుందో చూడు. ఈ వీడియోలో ఆమె పల్లవి పాడినాక గిటార్ పడుతోంది. దేవళంలో గిటార్ వాయించరు కదా.

అనంత_ఎడిటర్
చూశాను. అడాసిటీలో ఆ ముక్క తెరిచి స్పీడు 0.97 పెట్టాను, 1.03 ని వెనక్కి తెచ్చే లెక్క అది. టెంపో ఒక్కటే మార్చే ఎఫెక్ట్, పిచ్ ఒక్కటే మార్చే ఎఫెక్ట్ విడిగా ఉంటాయి, వాటిని ముట్టుకోకూడదు. రెండూ కలిసి మారే స్పీడ్ ఎఫెక్టే వాడాలి, ఎందుకంటే వాళ్లు పెంచింది కూడా అట్లాగే. శృతి వచ్చి ఒక మెట్టు మీద నిలబడింది. మేళం కలవని చోట, అంటే 0:31 నుంచి 0:45 దాకా ఉన్న భాగం మాత్రం వినిపిస్తే షజామ్ వెంటనే చెప్పింది: సోలో. దుల్కర్ సల్మాన్ సినిమా, 2017, సూరజ్ ఎస్ కురుప్ సంగీతం, పాడింది రేణుకా అరుణ్. మనవైపు ఆ సినిమా ఎంతమంది చూశారో తెలీదు గానీ, ఈ పాట మాత్రం పెళ్లి వీడియోల్లో బాగా తిరిగింది.

రణరంగంలోది ప్రశాంత్ పిళ్లై చేసింది, పాడింది శ్రీహరి కె. అదీ అదే పల్లవితో మొదలవుతుంది కాబట్టి @కడప_కారందోశ కి అట్లా అనిపించడంలో వింతేం లేదు. డీజేలు కూడా ఈ రెండూ తారుమారు చేస్తారు. తుంగభద్ర బ్రదర్, డీజేకి సీతా కళ్యాణం అని మాత్రం చెప్పొద్దు. సినిమా పేరు, గాయని పేరు కలిపి రాసివ్వు, లేకపోతే ఆ రోజు స్పీకర్లో ఇంకోటి వస్తుంది.

కడప_కారందోశ
నాకు ఇప్పటికీ రణరంగందే బాగుంటుంది ఎంట్రీకి. పెళ్లికొడుకు ఎంట్రీకి అది పెట్టండి.

తుంగభద్ర_తీరం
పెట్టొచ్చు, బావగారిని అడుగుతాను. ఇక పంజాబీది?

గండికోట_గాలి
రాంఝానే అని ప్రొద్దుటూరు అన్న చెప్పాడు కదా. గొంతు జస్లీన్ రాయల్‌దే, అందులో డౌట్ లేదు.

అనంత_ఎడిటర్
గొంతు ఆమెదే. పాట అది కాదని నా అనుమానం. 1:15 నుంచి ఇయర్‌ఫోన్స్‌లో వినండి, డ్రమ్స్ రెండు చెవుల్లో పక్కలకి విడిపోయి ఉన్నాయి, గొంతు మధ్యలో ఉంది. రెండు వేర్వేరు రికార్డింగులు ఒకదాని మీద ఒకటి వేశారు. షజామ్‌కి రెండూ కలిసి వెళ్తే ఏదీ చెప్పదు. ఎక్కడైనా డ్రమ్స్ ఒక్క క్షణం ఆగే చోటు వెతకండి. గట్టి దెబ్బ పడే ముందు ఎడిటర్లు నిశ్శబ్దం వదులుతారు, అక్కడ గొంతు ఒంటరిగా దొరుకుతుంది.

గండికోట_గాలి
1:33 దగ్గర ఆగింది. ఆమె షగ్నా అంటోంది. రాంఝా అనట్లేదు.

అనంత_ఎడిటర్
అయితే దిన్ షగ్నా దా. ఫిల్లౌరి, 2017, అనుష్క శర్మ సినిమా. రాంఝా 2021ది, ఆమెతో బి ప్రాక్ కూడా పాడాడు. గొంతు ఒకటే కాబట్టి అందరూ పొరబడతారు.

ప్రొద్దుటూరు_పిల్లోడు
1:48 తర్వాత ఒక మగగొంతు లీలగా ఉంది కదా మరి? అది బి ప్రాక్ కాదా? రెండు పాటలూ కలిపుంటారు.

అనంత_ఎడిటర్
ఉంది, నాకూ వినిపించింది. రెండు సెకన్లే, దానిపైన డ్రమ్స్. అది రాంఝా ముక్కో, డ్రమ్స్ ట్రాక్‌లోనే ఉన్న కేకో తేల్చలేను.

తుంగభద్ర_తీరం
చెల్లెలికి దిన్ షగ్నా దా వినిపించాను, ఇదే ఇదే అని ఎగిరింది. ఆ డ్రమ్స్ ఏదో కూడా కావాలంటోంది.

అనంత_ఎడిటర్
దానికి ఇంకో దారి ఉంది. ఆ ఆడియోకి ఒక నల్ల బొమ్మ జోడించి వీడియో చేసి, నీ యూట్యూబ్ ఛానల్లో Private పెట్టి అప్‌లోడ్ చెయ్. ఎవరికీ కనపడదు. అప్‌లోడ్ మధ్యలో Checks అని వస్తుంది, అది పూర్తయ్యేదాకా ఆగు. కాపీరైట్ ఉన్న పాట ఏదైనా దొరికితే పాట పేరూ, వీడియోలో ఏ సెకను నుంచి ఏ సెకను దాకా ఉందో అదీ చూపిస్తుంది. ఇది షజామ్ కంటే కొంచెం గట్టిది, మీద ఇంకో శబ్దం ఉన్నా చాలాసార్లు పట్టేస్తుంది. చూసుకున్నాక డిలీట్ చేసెయ్.

ధర్మవరం_పట్టు
దీనివల్ల స్ట్రైక్ పడదా? మా పెళ్లి వీడియో ఫేస్‌బుక్‌లో పెడితే మధ్యలో తాళి కట్టే దగ్గర సౌండ్ మొత్తం పోయింది. మా అత్తగారు ఇప్పటికీ ఆ వీడియో చూస్తే మంత్రాలు ఏవి, మంత్రాలు ఏవి అంటుంది. వెనకాల స్పీకర్లో ఏదో సినిమా పాట వస్తుండిందట, దానికి మంత్రాలు కూడా తీసేశారు.

అనంత_ఎడిటర్
ఇట్లా తనంతట అది పట్టుకుంటే పడేది క్లెయిమ్, స్ట్రైక్ కాదు. రెండూ వేరు. నీ వీడియోకి జరిగింది మాత్రం చాలామందికి జరుగుతుంది. తాళి ముహూర్తంలో హాల్లో స్పీకర్ ఆపించడం ఒక్కటే మందు. ఒరిజినల్ ఫైలు కెమెరా ఆయన దగ్గర ఉంటే మంత్రాలు అందులో భద్రంగా ఉంటాయి, అడుగు.

ధర్మవరం_పట్టు
ఉంటుందా?! ఇప్పుడే ఫోన్ చేస్తా.

తుంగభద్ర_తీరం
యూట్యూబ్‌లో పెట్టాను. మూడు వచ్చాయి. సోలో పాట వచ్చింది, 0:24 నుంచి 1:10 దాకా. దిన్ షగ్నా దా వచ్చింది, 1:16 నుంచి 1:58 దాకా. మూడోది మొదట్లో మేళం మీద, ఏదో భక్తి పాటల ఆల్బమ్ పేరు చూపిస్తోంది. డ్రమ్స్‌కి ఏం రాలేదు, ఫ్లూట్‌కి కూడా రాలేదు.

కడప_కారందోశ
అయితే మేళం కూడా దొరికినట్టే కదా, ఆ ఆల్బమ్ డౌన్‌లోడ్ చేసుకో.

అనంత_ఎడిటర్
దాన్ని ఇప్పుడే నమ్మొద్దు. మంగళవాద్యం ముక్కలు మేమంతా ఎక్కడెక్కడివో వాడుతుంటాం, అదే రికార్డింగ్ నాలుగైదు కంపెనీలు వేర్వేరు ఆల్బముల్లో వేసుకుని ఉంటాయి. పాత సంప్రదాయ స్వరాలైతే ఒకరు వాయించిందానికి ఇంకొకరి పేరు కూడా పడుతుంది. ఆ ఆల్బమ్ పెట్టి విను. ఊపిరి తీసుకునే చోట్లు కూడా సరిపోతే అదే, లేకపోతే కాదు. వాయించేవాళ్లు మారితే ఊపిరి చోటు మారుతుంది.

డ్రమ్స్‌కి ఏం రాలేదంటే డ్రమ్స్ లూప్ అయ్యుంటుంది, రెడీమేడ్‌గా కొనుక్కునేది. పేరుండదు. డీజే దగ్గర అలాంటివి బోలెడుంటాయి, దగ్గరగా ఉన్నది వేసేస్తాడు.

లక్ష్మక్క_ఆదోని
మేళానికి ఆల్బమ్ ఎందుకు నాయనా? పెళ్లికి మేళం వాళ్లు రారా? పిల్ల నడిచేటప్పుడు వాళ్లనే వాయించమను, ఆగినాక పాట వేయించు. శృతి కూడా ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది.

అనంత_ఎడిటర్
అక్క చెప్పింది చాలా మంచి మాట. ఒక్క జాగ్రత్త. నాదస్వరం శృతిని వాళ్లు అప్పటికప్పుడు మార్చలేరు, ఆ వాద్యం దేనికి చేసిందో దానికే ఉంటుంది. కాబట్టి మేళం వాళ్లని అడిగి వాళ్ల శృతి తెలుసుకుని, డీజేతో పాటని దానికి జరిపించాలి. మెట్టు లోపలైతే పాడైనట్టు తెలీదు. ఇక్కడ మాత్రం స్పీడు కదపకుండా పిచ్ ఒక్కటే మార్చాలి.

తుంగభద్ర_తీరం
మేళం ఆయన నెంబరు నాన్న దగ్గరుంది, కనుక్కుంటాను. ఆల్బమ్ విన్నాను, మొదటి స్వరం దగ్గరే ఊపిరి వేరే చోట ఉంది. అది కాదు.
చివరిది ఒకటి మిగిలింది, 2:50 డప్పులు.

గండికోట_గాలి
బాహుబలి బీజీఎం అనుకుంటా.

ప్రొద్దుటూరు_పిల్లోడు
నీకు ఏ డప్పు విన్నా బాహుబలే.

కొండారెడ్డి_బురుజు
అన్నీ చదివి ఇప్పుడు రాస్తున్నా. అది ఏ పాటా కాదు. అవి తప్పెట్లు, అక్కడే ఆ పెళ్లిలో వాయించినవి. 2:58 దగ్గర వెనక ఎవరో జరగండి జరగండి అంటున్నారు వినండి. మా నాన్న తప్పెట కొట్టేవాడు, ఆ నడక నాకు తెలుసు. మొదట నిదానంగా ఎత్తుకుని, జనం చేరేకొద్దీ పెంచుతారు. మిషన్ డ్రమ్స్ అయితే వేగం అట్లా జరగదు, మొదటినుంచి చివరిదాకా ఒకటే ఉంటుంది.

అనంత_ఎడిటర్
అవును, ఇప్పుడు తాళం పెట్టి చూశాను. 2:50 కి, 3:25 కి వేగం ఒకటి కాదు, మెల్లగా ఎక్కుతూ పోయింది. పైగా రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం, కెమెరా మైకులో పడింది కాబట్టి. ఎడిటర్ బరాత్ సౌండునే చివర అతికించాడు.

తుంగభద్ర_తీరం
అంటే ఆ ముక్క ఎక్కడా దొరకదు.

కొండారెడ్డి_బురుజు
దొరకదు. కానీ తప్పెట్లు వాయించేవాళ్లు కర్నూల్లో ఉన్నారు కదా. పిలిపించు. మైకు పెట్టొద్దు, హాలు లోపల మరీ దగ్గర కూడా వద్దు, గుమ్మం దగ్గర నిలబెట్టు చాలు. లోపల వాయిస్తే గోడలకి తగిలి అంతా ఒకటే హోరు అవుతుంది, దెబ్బ విడిగా వినపడదు.

తుంగభద్ర_తీరం
డీజేకి ఇది పంపాను: సీతా కళ్యాణం, సోలో సినిమా, రేణుకా అరుణ్ పాడింది, 3 శాతం స్పీడు పెంచి. తర్వాత దిన్ షగ్నా దా, ఫిల్లౌరి, కింద ఏదైనా గట్టి డ్రమ్ లూప్. తర్వాత మురారి పాట ఫ్లూట్ మీద. మొదట మేళం, చివర తప్పెట్లు మనుషులే వాయిస్తారు.
ఫ్లూట్ వాయించిందెవరో మాత్రం దొరకలేదు. యూట్యూబ్‌లో ఆ పాట ఫ్లూట్ కవర్లు చాలా ఉన్నాయి, కొన్ని విన్నాను, ఏదీ సరిపోలేదు. ఎవరికైనా దొరికితే ఇక్కడే పెట్టండి.

లక్ష్మక్క_ఆదోని
అది ఫ్లూట్ కాదేమో, కీబోర్డు మీద ఫ్లూట్ పెట్టి వాయించిందేమో చూడు. పొడుగు స్వరం దగ్గర ఊపిరి ఎక్కడా ఆగలేదు.

అనంత_ఎడిటర్
అక్కా అది నేను చూడలేదు. 2:20 దగ్గర స్వరం చాలాసేపు లాగాడు, మనిషి అయితే అక్కడ ఎక్కడో తెగాలి. కీబోర్డు కవర్లు కూడా వెతికి చూడు బ్రదర్.

ప్రొద్దుటూరు_పిల్లోడు
కీబోర్డు అయితే మా కజిన్ వాయిస్తాడు, ఆదివారం రికార్డ్ చేసి పంపమంటాను. ఏ శృతిలో కావాలో మేళం ఆయన్ని అడిగి చెప్పు.